నేస్తం లేని ఏడాది

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. చిన్నప్పుడు మా అమ్మ పక్కింటి పాపని ఎత్తుకుంటే, నేను వెళ్ళి ఆ పాప కాలు గిల్లి వచ్చేదాన్నట. ఇరవై నాలుగేళ్ళొచ్చాక గిల్లడం మానేశాను గానీ, గిల్లాలన్న బుద్ధి ఎక్కడికీ పోలేదు. నా నేస్తం నాకు దూరమైనప్పుడు నేను ఏడ్చిన ఏడుపులో సగం దుఃఖం, సగం కుళ్ళు. ఏది ఏదో తెలుసుకోవడానికే ఏడాది పట్టింది.

నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. మాది కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా వాళ్ళలో నేస్తం కట్టడం అని ఒకటుంది. ఇద్దరు పిల్లలకి బాగా జత కుదిరితే, పెద్దవాళ్ళు వాళ్ళని అమ్మవారి గుడి దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి చేత ఒకరికి బొట్టు పెట్టించి, కొత్త బట్టలు ఇప్పించి, నోట్లో బెల్లం ముక్క పెట్టిస్తారు. అక్కడి నుంచి చచ్చేదాకా నేస్తాలే. పేరు పెట్టి పిలుచుకోకూడదు, నేస్తం అనే పిలవాలి. ఏటేటా దసరాకి ఈ ఇంటి బట్టలు ఆ ఇంటికి, ఆ ఇంటి బట్టలు ఈ ఇంటికి వెళ్ళాలి. మంచికీ చెడ్డకీ సొంత చుట్టాల్లాగ నిలబడాలి. మా నానమ్మ మా ఇద్దరికీ పదకొండేళ్ళప్పుడు ఈ పని చేసింది. పక్క బ్లాకు బెంగాలీ పిన్ని, కాకీమా అంటాం, కూడా వచ్చి చూసి, మాలోనూ ఇలాంటిదే ఉండేది, సొయి అనేవాళ్ళం, ఇప్పుడెవరూ చెయ్యడం లేదు అని ముచ్చటపడింది.

కట్టేశారు కదా, ఇంక ఊడదు అనుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే. గోడకి మేకు కొట్టాక మళ్ళీ దాని వంక ఎవరు చూస్తారు, అలాగ ఉండేదాన్ని తనతో. తను ఉంటుంది. ఎక్కడికి పోతుంది?

పన్నెండేళ్ళు ఎక్కడికీ పోలేదు కూడా. ఒకే స్కూలు, ఒకే కాలేజీ. ఉద్యోగాలొచ్చాక ఒకే లోకల్ రైలు. పొద్దున్న ఏడూ యాభైకి సంత్రాగాఛిలో లేడీస్ డబ్బా ఎక్కి, హౌరాలో దిగి, ఇద్దరం లాంచీలో గంగ దాటేవాళ్ళం. అవతలి ఒడ్డున నేను మా రక్తపరీక్షల లాబ్‌కి నడిచి వెళ్ళేదాన్ని, రిపోర్టులిచ్చే కౌంటర్‌లో నా పని. తను సెక్టార్ ఫైవ్‌కి బస్సెక్కేది, కంప్యూటర్ ఆఫీసు. సాయంత్రం మళ్ళీ కలిసే వచ్చేవాళ్ళం. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాక మళ్ళీ ఫోన్ చేసుకునేవాళ్ళం. ఇంక ఏటుంటుందే మాటాడుకోడానికి అని మా అమ్మ తిట్టేది. ఏటుంటుందో మాకూ తెలీదు.

తర్వాత గంగ కింద నుంచి మెట్రో వచ్చింది. సెక్టార్ ఫైవ్‌కి సూటిగా. తను లాంచీ మానేసింది, మానక ఏం చేస్తుంది, గంట కలిసొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మెట్రో మీద కోపం తెచ్చుకున్న మనిషి కలకత్తా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అదే రోజుల్లో తన ఆఫీసులోకి హైదరాబాద్ నుంచి ఒక గుంట వచ్చింది. మా మాటలో గుంట అంటే పిల్లే, తప్పేం లేదు. నేను అనేటప్పుడు మాత్రం తప్పుగానే అనేదాన్ని. ఆ పిల్లకి ఇక్కడ తెలుగువాళ్ళెవరూ తెలీదు. నా నేస్తం తెలుగులో పలకరించేసరికి అతుక్కుపోయింది. మొదటి నెలంతా నేనూ జాలిపడ్డాను. రెండో నెలలో నా నేస్తం "మస్తుంది" అంది, ఏదో బిర్యానీ గురించి. పన్నెండేళ్ళుగా "ఏటి" అన్న నోరు "ఏంటి" అనడం మొదలెట్టింది. మాట మారిందని ఎవరితో చెప్పుకుంటాం? అమ్మతో చెప్తే "పోనీలే, బాగా మాటాడతందిగా" అంది.

ఆ తర్వాత లెక్క చూడడం నా పనైపోయింది. ఆ పిల్ల గదిలో తను ఎన్ని రాత్రులు ఉండిపోయింది, నాకు చెప్పాకా చెప్పకుండానా. నాకు చెప్పిన కబురు ఆ పిల్లకి ముందే తెలుసా. తను ఫోన్‌లో నవ్వితే "ఎవరు" అని అడిగేదాన్ని. ఆ పిల్ల పేరు చెప్తే "ఓహో" అనేదాన్ని. ఆ ఓహో ఎలా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నాకే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. రానురాను తను నా ముందు నవ్వడం తగ్గించింది. చూశావా, మారిపోయింది, అనుకున్నాను.

దుర్గ పూజల్లో అష్టమి నాడు నా నేస్తం ఆ పిల్లని మా కాలనీ పందిరి చూపించడానికి తీసుకొచ్చింది. అమ్మవారి కిచిడీ ప్రసాదం వడ్డిస్తున్నారు. మేం ముగ్గురం ఆకుల ముందు కూర్చున్నాం. ఆ పిల్ల మంచిదే, అదే నా బాధ. నన్ను "అక్కా" అంది. మాటల్లో "మీ నాన్నగారు కూడా ఆఫీస్‌లోనేనా అక్కా, వీళ్ళ డాడీ లాగా?" అని అడిగింది. నాకప్పుడు అర్థమైంది, నా నేస్తం వాళ్ళ నాన్న రైల్వే ఆఫీసులో పని చేస్తాడని చెప్పుకుందని. ఇంత చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది. నేను నవ్వుతూ, గట్టిగా, పక్క వరస వాళ్ళకి కూడా వినబడేలాగ అన్నాను: "ఏ ఆఫీసు నేస్తం? మీ నాన్నా మా నాన్నా ఒకే గ్యాంగులో సుత్తి పట్టుకుని పట్టాలు కొట్టినోళ్ళే కదా."

నోరు జారానని చాలా నెలలు చెప్పుకున్నాను. జారలేదు. ఆ మాట ఎక్కడ తగులుతుందో చూసుకునే వేశాను.

ఆ పిల్ల "అవునా, ఎండల మస్తు కష్టం కదా ఆ పని" అని కిచిడీ తినేసింది. దాని మొహంలో ఏ మార్పూ లేదు. నా నేస్తం తల దించుకుని ఆకు మడిచింది. మూడు రోజుల తర్వాత నేను ఏడూ యాభై లోకల్ దగ్గరికి వెళ్తే తను లేదు. ఏడూ ఇరవైకే వెళ్ళిపోయిందట.

మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబు లేదు. ఇంకోటి పెట్టాను. పదిహేను పెట్టాను. "ఏటయింది నేస్తం", "నేనేటన్నాను", "జోకు కూడా తెలీదా నీకు", "సరే పో", "సారీ", "నీకు నేను అక్కర్లేదు కదా ఇప్పుడు". ఒకే రోజులో ఇన్ని. తర్వాత తను ఆఖరిసారి ఎప్పుడు ఫోన్ చూసిందో నాకు కనబడకుండా చేసేసింది. మూడు వారాలు గడిచాయి. అప్పుడు నేను మా వాళ్ళు మాత్రమే చేయగల పని ఒకటి చేశాను. వెళ్ళి నానమ్మకి చెప్పాను.

నేస్తాలు మాటాడుకోకపోతే రెండిళ్ళకీ మంచిది కాదని మా ముసలాళ్ళ నమ్మకం. నానమ్మ ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు, తెలిసే చెప్పాను. ఆదివారం పొద్దున్న పళ్ళెంలో పసుపు, కుంకం, బెల్లం పెట్టుకుని తిన్నగా వాళ్ళింటికి నడిచింది. వాళ్ళమ్మ కంగారుపడింది. మమ్మల్ని మళ్ళీ పదకొండేళ్ళ పిల్లల్లాగ చాప మీద ఎదురెదురుగా కూర్చోబెట్టారు. "తగువులు ఎవులికి రావు? ఒకలకొకలు బెల్లం పెట్టుకోండి, అయిపోతాది" అంది నానమ్మ. నేను పెట్టాను. తను తింది. నాకు లోపల ఎంత సంతోషమో. ఆ హైదరాబాద్ పిల్లకి ఇలాంటి చాప ఉందా? ఇలాంటి నానమ్మ ఉందా?

తను బెల్లం మింగి, నా కళ్ళలోకి చూసి, నన్ను పేరు పెట్టి పిలిచింది.

పన్నెండేళ్ళలో మొదటిసారి. నానమ్మ చేతిలో కుంకం పొట్లం అలాగే ఉండిపోయింది. "పెద్దోళ్ళు కట్టారు కాబట్టి పండక్కి బట్టలు పట్టుకొస్తాను. మీ ఇంట్లో మంచికీ చెడ్డకీ నిలబడతాను. నానమ్మా, మాట తప్పను" అంది. ఆ తర్వాత నాతో అంది. "కానీ నాకు నీ దగ్గర ఊపిరాడట్లేదు. నేను ఎవరితో నవ్వినా ముందు నీ మొహం చూసుకోవాలి. నాకు ఓపిక లేదింక. ఇప్పుడు కూడా చూడు, నన్ను తీసుకొచ్చి ఎలాగ కూర్చోబెట్టావో." గొంతు పెంచలేదు. తిడితే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని.

ఇంటికొచ్చాక నానమ్మ పళ్ళెం కడిగి బోర్లించింది. మా అమ్మ పులుసు కలిపి అన్నం పెట్టింది. నేను తిన్నాను కూడా. దుఃఖం వెంటనే రాలేదు. సోమవారం పొద్దున్న లోకల్‌లో కిటికీ సీటు దొరికింది, నేను అలవాటు కొద్దీ పక్క సీటు మీద బ్యాగ్ పెట్టాను. ఎవరో ఆవిడ "ఎవరైనా ఉన్నారా?" అని బెంగాలీలో అడిగింది. ఉన్నారు అనేశాను. ఆవిడ హౌరా దాకా నిలబడే వచ్చింది. దిగేటప్పుడు ఖాళీ సీటునీ నన్నూ చూసిన చూపు నేను మర్చిపోలేదు.

తర్వాత రోజులు ఎలా ఉన్నాయంటే, రోజంతా ఒకేలాగ బాధ ఉండదు. గంటలుంటాయి దానికి. ఏడూ యాభై ఒకటి. లాంచీ మీద పది నిమిషాలు ఒకటి. సాయంత్రం కాళ్ళు కడుక్కున్నాక, మేం ఫోన్ చేసుకునే వేళ, అది అన్నిటికన్నా చెడ్డది. ఆ వేళకి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది. పొద్దున్నే మెలకువొచ్చిన మొదటి క్షణం ఏమీ గుర్తుండేది కాదు, హాయిగా ఉండేది. రెండో క్షణం గుర్తొచ్చేది. కంచంలో సగం అన్నం వదిలేసి లేచేదాన్ని. గుండెల మీద నిజంగానే బరువు. మా లాబ్‌లో పరీక్ష చేయించుకుంటే అన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ రిపోర్ట్ నాకు నేనే కవర్లో పెట్టి ఇచ్చుకున్నాను.

లాంచీ మీద మనసులో తనతో వాదించేదాన్ని. నేనే అడిగేదాన్ని, తన జవాబులు కూడా నేనే చెప్పేదాన్ని. ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. ఒడ్డు దిగేసరికి నీరసమే మిగిలేది.

అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఏమిటంటే, ఇది బాధ అని ఎవరూ ఒప్పుకోరు. లాబ్‌లో నాతో పనిచేసే అమ్మాయి నా మొహం చూసి "అబ్బాయా?" అంది. కాదు, స్నేహితురాలు అన్నాను. "ఓ, అంతేనా" అంది. అబ్బాయైతే కనీసం రెండు రోజులు టీ తెచ్చి ఇచ్చేవాళ్ళు. చనిపోతే పది రోజులు సెలవిస్తారు. నా నేస్తం బతికే ఉంది, మా పక్క బ్లాకులోనే ఉంది, వాళ్ళ బాల్కనీలో ఆరేసిన తన కుర్తా మా వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. దీనికి సెలవు ఎవరిస్తారు?

ఇంక నా కుళ్ళు చేసిన ఘనకార్యం వినండి. తను నాకు స్టేటస్‌లు కనబడకుండా చేసింది. మా అమ్మకి చెయ్యలేదు, నేస్తం అమ్మ కదా, మర్యాద. నేను రోజూ అమ్మ ఫోన్ తీసుకుని చూసేదాన్ని. ఇద్దరూ కలిసి తిన్న మోమోలు, ఇద్దరూ కలిసి కొన్న చెప్పులు, వానలో ఇద్దరి నీడ. ఒక్కో ఫోటో రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసేదాన్ని, ఆ పిల్ల చెయ్యి ఎక్కడుంది, నా నేస్తం నవ్వు నిజమైనదా ఫోటోదా అని. చూసే ముందు చూడకపోతే చచ్చిపోతాననిపించేది. చూశాక ఇంకా చచ్చేదాన్ని. మళ్ళీ గంటకి అమ్మ ఫోన్ ఎక్కడుందని వెతుక్కునేదాన్ని. లాబ్‌లో కూడా చూసుకోడానికి ఆ ఫోటోలు నా ఫోన్‌లోకి పంపుకునేదాన్ని.

ఆ ఖాళీలో ఎవరినైనా తెచ్చి కూర్చోబెడదామని కూడా చూశాను. లాబ్‌లో అదే "అంతేనా" అమ్మాయితో స్నేహం మొదలెట్టాను. మూడో రోజుకి ఇద్దరికీ టిఫిన్ కట్టుకెళ్ళాను. ఐదో రోజు ఆ అమ్మాయి వేరే వాళ్ళతో తింటుంటే మొహం మాడ్చుకున్నాను. ఆరో రోజు నుంచి తను నాకు కనబడకుండా తినడం మొదలెట్టింది. బుద్ధి ఎక్కడికి పోతుంది.

మా లాబ్‌లో రక్తం తీసే ఆవిడ ఒకామె ఉంది, అక్క అని అందరం దిది అంటాం, యాభై దాటింది, మాటలు తక్కువ. ఒకరోజు నేను కౌంటర్ కింద కూర్చుని ముక్కు చీదుకుంటుంటే చూసింది. ఏమైందని అడగలేదు. "రోజుకి ఎన్నిసార్లు చూస్తావు ఆ ఫోన్?" అని అడిగింది. చెప్పాను. "మానెయ్ అంటే మానవు. చూడాలనిపించినప్పుడు ముందు పది రిపోర్టులు ఇవ్వు, తర్వాత చూడు. నేను మా ఆయన పోయాక ఆయన గొంతు ఉన్న రికార్డింగ్ అలాగే తగ్గించుకున్నాను" అంది. నమ్మలేదు నేను. చేసి చూశాను. మొదటి నాలుగు రిపోర్టులు ఫోన్ వంక చూస్తూనే ఇచ్చాను. ఎనిమిదో రిపోర్టు దగ్గర ఒక ముసలాయన తన షుగర్ గురించి గొడవపడ్డాడు, ఆ గొడవలో చూడాలన్న తహతహ దిగిపోయింది. పోలేదు, దిగింది. సాయంత్రం మళ్ళీ వచ్చింది. అప్పుడు ఇంట్లో రిపోర్టులు లేవు కాబట్టి, అమ్మ దగ్గరికి వెళ్ళి నీ ఫోన్‌కి నాకు తెలీని తాళం పెట్టుకో అన్నాను. అమ్మ ఎందుకని అడిగింది. చెప్పాల్సొచ్చింది. అంతా విని "నా ఫోన్‌లో దొంగతనమా సచ్చినదానా" అని వీపు మీద ఒకటేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచింది. ఆ రోజు సరిగ్గా ఏడ్చాను, మొదటిసారి.

దిది ఇంకో మాట చెప్పింది, తనకి ఇవ్వకుండా ఒక ఉత్తరం రాసుకో, మనసు తేలికవుతుందని. ఎలా రాస్తాను? నాకు బెంగాలీ రాయడం వచ్చు, హిందీ వచ్చు. ఈ ఏడుపు ఆ రెండింట్లోనూ రాదు, తెలుగులోనే వస్తుంది. తెలుగు నేను మాటాడడమే గానీ రాయడం అప్పటికి రాదు, మెసేజ్‌లు పెట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఇంత ఏడుపు పట్టదు. అందుకని మేడ మీదికి వెళ్ళి ఫోన్‌లో రికార్డ్ చేశాను. పదకొండు నిమిషాలు. మనసు తేలికైనట్టే అనిపించి పక్కన పెట్టేశాను.

వారం తర్వాత, తహతహ దిగి ఉన్న ఒక మధ్యాహ్నం, అది విన్నాను. విన్నది నా గొంతే, కానీ నాకు అస్సలు నచ్చని మనిషిది. నువ్విలా చేశావు, ఆ గుంట అలా చేసింది, నేను నీకు ఇంత చేశాను. పదకొండు నిమిషాల్లో కిచిడీ పందిరి మాటే లేదు. వాళ్ళ నాన్న మాటే లేదు. నువ్వు ఎలాగున్నావు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. విన్నంతసేపూ ఈ మనిషి దగ్గర ఎవరైనా ఎలా ఉంటారు అనిపించింది. ఆ హైదరాబాద్ పిల్ల నా సీటు లాక్కోలేదు. నా సీటు పక్కన కూర్చోలేక నా నేస్తం లేచి వెళ్ళిపోయింది, అంతే. ఆ సంగతి తెలిశాక బాధ తగ్గలేదు, పెరిగింది. అంతకుముందు తిట్టుకోడానికి ఆ పిల్లైనా ఉండేది.

దాన్ని చెరిపేసి ఇంకోటి రికార్డ్ చేశాను. ఒక్క నిమిషం. "పందిట్లో నేను కావాలనే అన్నాను. ఆ పిల్ల ముందు నిన్ను చిన్నబుచ్చాలని అన్నాను. మీ నాన్నకి కూడా తగిలేలాగ అన్నాను. నానమ్మ చేత పంచాయితీ పెట్టించింది కూడా నేనే. తప్పు నాది. జవాబు ఇవ్వాలని పంపడం లేదు." పంపించాను. జవాబు ఇవ్వాలనే పంపాను, అబద్ధమెందుకు. నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వచ్చింది. "విన్నాను. మంచిది. కానీ ఇప్పుడు కాదు." ఇప్పుడు కాదంటే ఎప్పుడు అని టైపు చేసి, పది రిపోర్టులిచ్చి, చెరిపేశాను.

ఖాళీ అలాగే ఉంది. దాన్ని దేనితో నింపాలో తెలీక, సాయంత్రం ఫోన్ వేళకి నాన్న దగ్గర పలక పెట్టుకుని కూర్చున్నాను, తెలుగు రాయడం నేర్పమని. నాన్న ఐదో తరగతి దాకా ఊళ్ళో చదివాడు. సుత్తి పట్టిన చెయ్యి, అక్షరం మాత్రం గుండ్రంగా వేస్తాడు. మొదట్లో నా కళ్ళు పలక మీద, చెవులు ఫోన్ మీద. మూడు నెలలయ్యేసరికి కొన్ని రోజులు ఆ వేళ దాటిపోయిందని తర్వాత గుర్తొచ్చేది. అలా అని బాగైపోయాననుకోకండి. పది రోజులు బాగుండేదాన్ని, పదకొండో రోజు హౌరా స్టేషన్‌లో ఇద్దరు అమ్మాయిలు ఒక ఝాల్‌ముడి మరమరాల పొట్లంలో చేతులు పెట్టి తింటుంటే చూసి, లోకల్ వదిలేసి బెంచీ మీద కూర్చుండిపోయాను. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి.

మళ్ళీ దసరా వచ్చింది. మాట ప్రకారం తను బట్టలు పట్టుకొచ్చింది. నానమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. నాకు పచ్చ కుర్తా. నాకు సరిగ్గా సరిపోయింది, ఏడాదిలో నేను చిక్కిపోయినా సరే. ఎంత చిక్కానో చూసిందన్నమాట. ఆ ఆలోచన మీద రెండు రోజులు బతికాను. మూడో రోజు తెలిసింది, ఆఫీసు వాళ్ళని హైదరాబాద్‌కి మార్చారని, తనూ ఆ పిల్లా కలిసి వెళ్తున్నారని, అక్కడ ఒకే ఇంట్లో ఉంటారని. ఒకే ఇల్లు. ఒకే వంటిల్లు. ఏడాది పాటు దిగిన కుళ్ళంతా ఒక్క పూటలో మళ్ళీ నెత్తికెక్కింది.

"నేస్తం ఊరెళ్తంటే సాగనంపాల" అంది నానమ్మ. అమ్మ మాత్రం "నీకు ఓపికుంటేనే ఎల్లు" అంది. నాకు తెలుసు, అక్కడ నేను చెయ్యగలిగినవి రెండే. ఒకటి, ఉండిపో అని ఏడవడం. రెండు, ఆ పిల్ల ముందు ఇంకేదో అని మళ్ళీ పొడవడం. రెండూ చెయ్యకుండా తిరిగి రాగలనా అన్నదే నా భయం. అయినా వెళ్ళాను.

రైలు మా సంత్రాగాఛిలోనూ ఆగుతుంది గానీ సామాను ఎక్కువని వాళ్ళు రైలు బయల్దేరే షాలిమార్ స్టేషన్‌లోనే ఎక్కారు. పొద్దున్న వేళ, ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. వాళ్ళమ్మా నాన్నా సామాను సర్దుతున్నారు. వాళ్ళ నాన్నకి దణ్ణం పెట్టి, "బాబయ్యా, పందిట్లో మీ గురించి తప్పుగా మాటాడాను" అన్నాను. ఆయన "ఎప్పుడమ్మా?" అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, నా కోసం మర్చిపోయాడో తెలీదు. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని నన్ను చూసి చెయ్యి ఊపింది. వాళ్ళిద్దరికీ ఎదురెదురు సీట్లు వచ్చాయి. దానికి కూడా నాకు కుళ్ళే.

నా నేస్తం తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. కాసేపు ఇద్దరం సామాను గురించి, మంచినీళ్ళ గురించి మాటాడుకున్నాం. తర్వాత తను నా కుర్తా చెయ్యి సర్దింది, అది బాగానే ఉన్నా. "హైదరాబాద్ రా నేస్తం, నాలుగు రోజులు మాతో ఉండు" అంది.

మాతో. ఏడాది కిందటైతే ఆ పిలుపు కోసం పట్టాల మీద పడి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు కూడా నోరు "వస్తాను" అనడానికి తెరుచుకుంది. వెళ్ళాలనే ఉంది, ఒట్టు. నాలుగు రోజులు ఆ ఇంట్లో నేనెలా ఉంటానో కూడా కళ్ళకి కట్టింది.

"రాను నేస్తం" అన్నాను. "వస్తే మీ ఇద్దరి కంచాల్లో ఎవరి కంచంలో ఎక్కువ కూరుందో చూస్తూ కూర్చుంటాను. ఫోన్ కూడా చెయ్యను. చేస్తే నువ్వు ఎన్నో రింగుకి ఎత్తావో లెక్కపెడతాను. నాకింకా అది తగ్గలేదు. తగ్గితే నేనే చెప్తాను, తగ్గకపోతే చెప్పను. నువ్వు మాత్రం బాగుండు."

తను తలుపు కడ్డీ పట్టుకుంది. కళ్ళు నిండాయి, ఆ నిండిన కళ్ళతోనే నవ్వేసింది, పైకి, పాత నవ్వు. ఏడాది తర్వాత నా మాటకి నవ్వింది, నవ్వే ముందు నా మొహం చూసుకోలేదు. రైలు కదిలింది. ఆ నవ్వు విని ఆ పిల్ల లోపలి నుంచి "ఏమైంది? ఏమన్నది అక్క?" అని అడగడం నాకు వినబడింది.

"ఏం లేదులే" అంది నా నేస్తం.

చెప్పలేదు. ఆ పిల్లకి అన్నీ చెప్పేది, అది మాత్రం చెప్పలేదు.